‘ఉండి రా’ అన్న మాట రాతలోకి రావాలంటే

ప్రశ్న: వచ్చే నెల ఆఫీసు పని మీద విదేశానికి వెళ్తున్నాను. మంగళ, బుధ, గురువారాల్లో సమావేశాలు ఉన్నాయి. అవి ముగిశాక సొంత సెలవు పెట్టుకుని, రైల్లో మూడు గంటల దూరంలో ఉన్న మరో ఊళ్ళో కొన్ని రోజులు గడిపి, ఆ తరువాతి బుధవారం తిరిగి రావాలని ఉంది. మా మేనేజరుగారిని అడిగితే ‘దానిదేముంది, ఉండి రా’ అన్నారు. ట్రావెల్ డెస్క్ వాళ్ళు మాత్రం ఆమోదం మెయిల్లో ఉంటేనే టికెట్టు తీస్తామంటున్నారు. నోటితో ఒప్పుకున్న మనిషిని మళ్ళీ రాసివ్వమంటే, నన్ను నమ్మలేదా అనుకుంటారేమోనని సంకోచంగా ఉంది. ఏం రాయాలి, ఎవరికి రాయాలి?

సమాధానం: ముందు మీ సంకోచం సంగతి చూద్దాం. మీ మేనేజరుగారి మాట మీకూ ఆయనకూ మధ్య ఉన్నంతవరకు రాత అవసరం లేదు. కానీ ఆ మాట మీద ఆధారపడి పనిచేయవలసిన వాళ్ళు ఇంకా నలుగురు ఉన్నారు. టికెట్టు తీసే ట్రావెల్ డెస్క్, మీ సెలవును లెక్కలో రాసే హెచ్ఆర్, తిరిగి వచ్చాక మీ బిల్లులు చూసే అకౌంట్స్, కొన్ని నెలల తరువాత ఆ ఫైలు తిరగేసే ఆడిట్ వాళ్ళు. మీరు మాట్లాడుకున్నప్పుడు వీళ్ళలో ఒక్కరూ ఆ గదిలో లేరు. పైగా రేపు ఎవరైనా ప్రశ్న వేస్తే ‘దీనికి ఎవరు ఒప్పుకున్నారు?’ అని అడిగేది ఆయన్నే. కాబట్టి మెయిల్లో ‘అకౌంట్స్ వారికి చూపించడానికి వీలుగా’ అన్న ఒక్క ముక్క చేర్చండి. నమ్మకం అన్న ప్రస్తావనే రాదు.

ఈ మాట నేను నష్టపోయి నేర్చుకున్నాను. చాలా ఏళ్ళ క్రితం నేను పనిచేసిన ఒక సంస్థ తరఫున ఇలాగే వెళ్ళి, నాలుగు రోజులు సెలవు కలుపుకుని వచ్చాను. నా దగ్గర ఉన్న రుజువల్లా ఫోన్లో వచ్చిన ‘ఓకే’ అన్న రెండక్షరాల సందేశం. క్లెయిమ్ పరిశీలనకు వచ్చేసరికి అయిదు నెలలు గడిచాయి, ఆలోగా ఆ అధికారి వేరే విభాగానికి మారిపోయారు. అకౌంట్స్‌లో కూర్చున్న వ్యక్తి మర్యాదగానే అడిగారు: ‘ఈ ఓకే దేనికండీ, సెలవుకా, టికెట్టు తేదీ మార్పుకా, పెరిగిన ఛార్జీకా?’ నా దగ్గర జవాబు లేదు. నిజం చెప్పాలంటే ఆ ఓకే ఇచ్చిన మనిషి దగ్గర కూడా ఉండేది కాదు, ఎందుకంటే నేను ఆయన్ని అంత విడమరిచి అడగనే లేదు. పెరిగిన ఛార్జీ నా జీతంలోంచి పోయింది. అందుకే ఆమోదం ఉందా లేదా అన్నదానికంటే, ఆమోదం దేనికి అన్నదే పెద్ద ప్రశ్న అంటాను.

మీరు కోరుతున్నవి నిజానికి రెండు వేర్వేరు అనుమతులు. ఒకటి సెలవు మంజూరు. ఇది మీకూ హెచ్ఆర్‌కూ సంబంధించినది, సెలవు పోర్టల్‌లో మామూలుగా పెట్టుకునేదే. రెండోది ప్రయాణ ఆమోదంలో మార్పు, అంటే ఆఫీసు ఖర్చుతో కొంటున్న తిరుగు టికెట్టు తేదీని మీ సొంత అవసరం కోసం వెనక్కి జరపడానికి అనుమతి. పోర్టల్‌లో సెలవు మంజూరయిందంటే మీరు ఆ రోజుల్లో పనికి రానక్కరలేదని మాత్రమే అర్థం. ఆఫీసు టికెట్టు మీద ఆ తేదీన రావచ్చని ఆ మంజూరు ఎక్కడా చెప్పదు. చాలా చోట్ల ఈ రెండు అనుమతులు ఇచ్చే అధికారం ఒకే మనిషికి ఉండదు కూడా. సెలవు మీ మేనేజరు ఇవ్వగలరు, విదేశీ ప్రయాణాన్ని మాత్రం ఆయన పైవారో, ఖర్చు ఏ ప్రాజెక్టు ఖాతాలోంచి పోతుందో దాని బాధ్యులో ఆమోదించి ఉంటారు. మీ ప్రయాణానికి మొదట వచ్చిన ఆమోదం తీసి, దాని కింద ఎవరి పేరుందో చూడండి. మార్పుకు ఆమోదం కూడా ఆ పేరు నుంచే రావాలి. మేనేజరుగారి పేరే ఉంటే ఒక్క మెయిల్‌తో సరిపోతుంది. వేరే పేరుంటే ఆయన ద్వారా పైకి పంపించాలి.

ఇక అసలు విషయానికి వస్తాను. ఇలాంటి ప్రయాణంలో తలెత్తే తగాదాలన్నీ ఒక్క గీత దగ్గరే పుడతాయి. ఆఫీసు డ్యూటీ ఏ క్షణాన ఆగింది, మళ్ళీ ఏ క్షణాన మొదలైంది? ఆ గీత ఎక్కడ పడిందో రాతలో ఉంటే హోటలు, రోజువారీ భత్యం, బీమా, సెలవు లెక్క అన్నీ దాని వెనకాలే సర్దుకుంటాయి. రాతలో లేకపోతే ఒక్కో విభాగం తనకు తోచిన చోట గీత గీసుకుంటుంది.

మీ తేదీలనే తీసుకుని చూద్దాం. సొంత సెలవన్నది లేకపోతే మీరు సోమవారం చేరుకుని, గురువారం సాయంత్రానికి పని ముగించుకుని, శుక్రవారం విమానం ఎక్కి, శని, ఆదివారాలు ఇంట్లో ఉండి, సోమవారం ఆఫీసుకు వెళ్ళేవారు. దీన్ని మూల ప్రయాణం అందాం. ఇప్పుడు మీరు కోరుకుంటున్నది శుక్రవారం నుంచి మంగళవారం దాకా అక్కడే ఉండి, బుధవారం బయలుదేరి, గురువారం డ్యూటీలో చేరడం. ఆ మధ్య రోజుల్లో శని, ఆదివారాలు వారపు సెలవులు. కొన్ని సంస్థల్లో సెలవు మధ్యలో పడిన వారపు సెలవులను లెక్కలోకి తీసుకోరు, మరికొన్నిటిలో వాటిని కూడా సెలవు కిందే కోస్తారు. మీ సంస్థ నియమం ఏదో హెచ్ఆర్‌ను అడిగి తెలుసుకుని, ఆ అంకెనే మెయిల్లో రాయండి. వారపు సెలవులను లెక్కించకపోతే శుక్ర, సోమ, మంగళవారాలకు 3 రోజుల సెలవు. లెక్కిస్తే 5 రోజులు.

బుధవారం సంగతేమిటి? ఎక్కువమంది జారిపడే చోటు ఇదే. మూల ప్రయాణంలో తిరుగు ప్రయాణానికి శుక్రవారం ఒక డ్యూటీ రోజు పోయేది. ఇప్పుడా శుక్రవారాన్ని మీరు మీ సెలవులోంచి పెట్టుకున్నారు కాబట్టి, దానికి బదులుగా బుధవారాన్ని ప్రయాణపు రోజుగా, డ్యూటీగా లెక్కించాలన్నది మీ వాదన. న్యాయమైన వాదనే, చాలా చోట్ల ఒప్పుకుంటారు కూడా. కానీ ‘ఆఫీసు పని గురువారంతోనే అయిపోయింది, ఆ తరువాత గడిచిన ప్రతి పనిరోజూ మీ సొంతమే’ అనే వాళ్ళూ ఉన్నారు. వాళ్ళ లెక్కలో బుధవారం కూడా సెలవే, 3 కాస్తా 4 అవుతుంది. రెండింటిలో ఏది సరైనదో బయటినుంచి నేను తేల్చలేను, కాని దాన్ని ముందే తేల్చుకోవలసిన అవసరం ఉందని గట్టిగా చెప్పగలను. మెయిల్లో ‘బుధవారాన్ని తిరుగు ప్రయాణపు రోజుగా పరిగణించగలరు’ అని రాసి, దానికి ఆమోదం తీసుకుంటే, ఆ రోజుకు భత్యం వస్తుందా రాదా అన్న ప్రశ్నకు కూడా జవాబు దొరుకుతుంది.

హోటలు విషయం చిన్నదే. శుక్రవారం ఉదయం గది ఖాళీ చేసే వేళకు ఆఫీసు ఖర్చు ఆగిపోతుంది. ఒకవేళ అదే హోటల్లో ఇంకో రాత్రి ఉండాలనుకుంటే, పొడిగించమని అడగకుండా, గురువారం రాత్రి వరకు ఒక బిల్లు మూయించి, తరువాతి రాత్రికి మీ కార్డు మీద వేరే బిల్లు తెరిపించుకోండి. ఒకే బిల్లులో సొంత రాత్రి కలిస్తే దాన్ని విడదీయమని అకౌంట్స్ వాళ్ళు వెనక్కి పంపుతారు, అప్పటికి మీరు ఆ హోటలుకు దేశాల అవతల ఉంటారు.

టికెట్టు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. చాలా సంస్థలు పాటించే సూత్రం ఒకటుంది: మూల ప్రయాణానికి ఎంత ఖర్చయ్యేదో అంతవరకే ఆఫీసు భరిస్తుంది, తేదీ మార్పు వల్ల పెరిగినది ఉద్యోగి పెట్టుకోవాలి. తగ్గితే మిగిలినది ఆఫీసుదే, మీకేమీ రాదు. ఈ సూత్రం వినడానికి సులువుగానే ఉంటుంది, చిక్కంతా ‘ఎంత ఖర్చయ్యేదో’ అన్నదాన్ని రుజువు చేయడంలో ఉంది. విమానం ఛార్జీ పూటకో రకంగా మారుతుంది. మీరు ఈరోజు టికెట్టు కొని, మూల ప్రయాణం ధరను నెల తరువాత చూపిస్తే, అది పోలికే కాదు. అప్పటికి ఆ విమానం వెళ్ళిపోయి కూడా ఉండవచ్చు.

కాబట్టి టికెట్టు తీసే రోజునే, వీలైతే అదే గంటలో, ట్రావెల్ డెస్క్ చేత రెండు కొటేషన్లు తీయించండి. ఒకటి సోమవారం చేరి శుక్రవారం తిరిగొచ్చేది, రెండోది బుధవారం తిరిగొచ్చేది. రెండూ ఒకే విమాన సంస్థవీ, ఒకే తరగతివీ, సామాను షరతులూ రద్దు షరతులూ ఒకటేగా ఉన్నవీ కావాలి. డబ్బు వెనక్కి వచ్చే టికెట్టును, రాని టికెట్టుతో పోల్చి ‘చూడండి, నాదే చవక’ అన్నవాళ్ళ కాగితాలు నేను చూశాను, అలాంటివి మొదటి చూపులోనే దొరికిపోతాయి. మూల ప్రయాణం ధర 100 అనుకుంటే, మీరు కోరిన తేదీకి 112 అయిందనుకుందాం. ఆ 12 మీది. దాన్ని టికెట్టు కొనేటప్పుడే మీ కార్డు మీద కట్టేస్తారా, తరువాత క్లెయిమ్‌లోంచి తగ్గించుకుంటారా అన్నది కూడా రాయించండి. ఒకవేళ 94 అయితే ఆఫీసు 94 కడుతుంది, ఆ 6 మీద మీకు హక్కు లేదు, కానీ ఆమోదం కోరే మెయిల్లో ఆ అంకె ఉంటే ఎవరికీ అభ్యంతరం తోచదు. తెర ఫొటో తీస్తే అందులో తేదీ, సమయం కనబడేలా తీయండి. నా పాత క్లెయిమ్‌లో ధర పట్టిక ఫొటో ఉంది, తేదీ మాత్రం పైన కత్తిరించుకుపోయింది.

రెండో ఊరు ఉంది కాబట్టి టికెట్టు రూపం కూడా ముఖ్యమే. రెండో ఊరి నుంచే నేరుగా ఇంటికి రావాలనుకుంటే, వెళ్ళేది మొదటి ఊరికి, తిరిగి బయలుదేరేది రెండో ఊరి నుంచి ఉండేలా ఒకే బుకింగులో టికెట్టు తీయించండి. మామూలు రానుపోను టికెట్టు తీసుకుని, తిరుగు ప్రయాణంలో మొదటి విమానాన్ని వదిలేసి, మధ్యలో మారే ఊళ్ళో రెండో విమానం ఎక్కుదామనుకోవద్దు. ఒక అంచెకు మీరు రాకపోతే, ఆ బుకింగులో దాని తరువాతి అంచెలను సాధారణంగా విమాన సంస్థ రద్దు చేస్తుంది. విమానాశ్రయంలో నిలబడి కొత్త టికెట్టు కొనవలసి వస్తుంది, ఆ ఖర్చును ఏ ఆమోదమూ కాపాడదు. లేదూ, రైల్లో మళ్ళీ మొదటి ఊరికే వచ్చి విమానం ఎక్కుతానంటే, పోలిక సులువవుతుంది. రానుపోను రైలు ఛార్జీ మీ సొంత ఖర్చన్నది ఒక్క వాక్యంలో తేలిపోతుంది. ఆఫీసు లెక్కల దృష్టితో చూస్తే నేనైతే ఇదే చేస్తాను.

వీసా, బీమా రెండూ ఆమోదంతో సంబంధం లేనివిగా కనబడతాయి, కాని ఇక్కడ తేదీ తప్పితే ఆమోదం ఉన్నా ఉపయోగం ఉండదు. ఆఫీసు ఇచ్చిన లేఖలోనూ, అటువైపు వారు పంపిన ఆహ్వానంలోనూ సమావేశాల తేదీలే ఉంటాయి. వీసా దరఖాస్తుకు ముందే సెలవు సంగతి తేలితే, ఆఫీసు లేఖలోనే ‘ఫలానా తేదీ వరకు అధికారిక పని, ఆ తరువాత ఫలానా తేదీ వరకు సొంత సెలవు, ఆ రోజుల ఖర్చు ఉద్యోగిదే’ అని రాయించుకోండి. ఉదాహరణకు మీరు వెళ్ళేది షెంజెన్ దేశాలకైతే, వీసా మీద చెల్లుబాటు తేదీలు వేరు, ఉండదగిన రోజుల సంఖ్య వేరు. చెల్లుబాటు ఇంకా ఉన్నా రోజుల సంఖ్య దాటకూడదు. అడుగుపెట్టిన రోజు, బయటపడిన రోజు రెండూ ఆ లెక్కలోకి వస్తాయి. మీ మూల ప్రయాణం సోమవారం నుంచి శుక్రవారం దాకా 5 రోజులు. సెలవు కలిపితే సోమవారం నుంచి తరువాతి బుధవారం దాకా 10 రోజులు. సమావేశాల కోసమని తక్కువ రోజులకు వీసా వచ్చి ఉంటే, మేనేజరుగారి ఆమోదం మిమ్మల్ని సరిహద్దు దగ్గర కాపాడదు. ఆ స్వల్పకాలిక వీసాకు చూపించే ప్రయాణ బీమా కూడా మీరు అక్కడ ఉండే కాలమంతటికీ, కనీసం 30,000 యూరోల వరకు వర్తించాలన్నది నియమం.

బీమా గురించి ఆఫీసును అడగవలసింది ఒక్కటే: ‘మన గ్రూపు పాలసీ నా సొంత రోజులకు వర్తిస్తుందా?’ కొన్ని పాలసీలు అధికారిక ప్రయాణానికి అనుబంధంగా వచ్చే కొద్దిరోజుల సెలవును కూడా కలుపుకుంటాయి, కొన్ని డ్యూటీ ముగియగానే ఆగిపోతాయి. ‘వర్తిస్తుందిలెండి’ అన్న మాట చాలదు, తేదీలు ముద్రించిన సర్టిఫికెట్ అడగండి. వర్తించదంటే శుక్రవారం నుంచి బుధవారం దాకా మీరే కొనుక్కోవాలి, అదీ బయలుదేరక ముందే. చాలా ప్రయాణ పాలసీలను ఇల్లు దాటాక కొనడానికి వీలుండదు. శుక్రవారానికీ గురువారానికీ మధ్య కొన్ని గంటల ఖాళీ పడకుండా, మీ పాలసీని గురువారం నుంచే మొదలుపెట్టించుకోవడం మేలు.

ఇప్పుడు మెయిల్. ఇందులో కథ ఉండకూడదు, బతిమాలడమూ ఉండకూడదు. చదివినవారు ‘ఆమోదించాను’ అని ఒక్క మాట రాస్తే ఆ మాట మీరు అడిగిన ప్రతి అంశానికీ వర్తించేలా ఉండాలి. నేను ఇలా రాస్తాను:

‘మేనేజరుగారికి, నమస్కారం. నా విదేశీ ప్రయాణం గురించి నిన్న మనం మాట్లాడుకున్నదాన్ని, ట్రావెల్ డెస్క్, అకౌంట్స్ వారికి చూపించడానికి వీలుగా కింద రాస్తున్నాను. నా అధికారిక పని ఫలానా తేదీ గురువారం సాయంత్రంతో ముగుస్తుంది. శుక్ర, సోమ, మంగళవారాలకు మొత్తం 3 రోజుల సొంత సెలవుకు పోర్టల్‌లో దరఖాస్తు చేశాను. శని, ఆదివారాలు వారపు సెలవులు. ఫలానా తేదీ బుధవారం నాటి తిరుగు ప్రయాణాన్ని, మూల ప్రయాణంలోని శుక్రవారానికి బదులుగా, ప్రయాణపు రోజుగా పరిగణించవలసిందిగా కోరుతున్నాను. గురువారం డ్యూటీలో చేరతాను. శుక్రవారం ఉదయం నుంచి బుధవారం విమానాశ్రయం చేరేవరకు బస, భోజనం, స్థానిక ప్రయాణం, బీమా ఖర్చులు పూర్తిగా నావే. ఆ రోజులకు భత్యం కోరను. ఈరోజు ఒకే సమయంలో తీసుకున్న రెండు కొటేషన్లు జతచేశాను. శుక్రవారం టికెట్టు కంటే బుధవారం టికెట్టుకు ఎక్కువయ్యే మొత్తాన్ని నేనే చెల్లిస్తాను. పై తేదీలకు, పై షరతులకు మీ ఆమోదం తెలుపగలరు.’

గమనించారా, ఇందులో ఆ రెండో ఊరు ఏదో, అక్కడ ఏం చేయబోతున్నారో లేదు. అది ఎవరికీ అవసరం లేదు. సెలవు రోజుల్లో అందుబాటులో ఉండే ఫోన్ నంబరు ఇవ్వాలన్న నియమం ఉంటే ఇవ్వండి, అంతకుమించి వివరాలు చేరిస్తే ప్రశ్నలు చేరతాయి.

ఈ మెయిల్ ఆఫీసు చిరునామా నుంచి ఆఫీసు చిరునామాకే వెళ్ళాలి. జవాబు కూడా అదే మెయిల్ కింద రావాలి, అప్పుడే ప్రశ్నా జవాబూ ఒకే కాగితం మీద ఉంటాయి. కొందరు చాలా తెలివిగా ‘మీకు అభ్యంతరం లేకపోతే ఇలాగే ముందుకు వెళ్తాను’ అని రాసి ఊరుకుంటారు. అది ఆమోదం కాదు. ఆ మెయిల్ ఆయన చదవలేదని రేపు ఎవరైనా అంటే మీ దగ్గర మౌనం తప్ప ఇంకేమీ ఉండదు. రెండు రోజుల్లో జవాబు రాకపోతే అదే మెయిల్ మీద ‘కొటేషన్ల ధర మారిపోయేలా ఉంది, దయచేసి ఈరోజు తెలుపగలరు’ అని గుర్తుచేయండి. ఆయన ఫోన్లో ‘చూశాను, సరే’ అంటే, ‘సరేనండి, ఒక్క మాట మెయిల్లో కూడా పెట్టండి, డెస్క్ వాళ్ళు ఆగి ఉన్నారు’ అని అప్పుడే చెప్పేయండి. డెస్క్ మీద నెట్టడం అబద్ధమేమీ కాదు కదా, వాళ్ళు నిజంగానే ఆగి ఉన్నారు.

జవాబు రాగానే దాన్ని మీ సొంత మెయిల్‌కు పంపించుకోవాలనిపిస్తుంది. చాలా సంస్థల్లో ఆఫీసు మెయిళ్ళను బయటి చిరునామాలకు పంపడం నిషేధం; చిన్న కాగితం కోసం పెద్ద తప్పు చేసినట్టవుతుంది. దానికి బదులు ఆ మెయిల్ మొత్తాన్ని పీడీఎఫ్‌గా మార్చి, కంపెనీ ప్రయాణ పోర్టల్‌లో మీ ప్రయాణపు నంబరు కింద జతచేయండి. పోర్టల్‌లో ఆ వసతి లేకపోతే ట్రావెల్ డెస్క్, అకౌంట్స్ ఇద్దరినీ జతచేసి అదే మెయిల్ మీద ‘సమాచారం కోసం’ అని ఒక వాక్యం రాయండి. మేనేజరుగారు మారిపోయినా, మీ మెయిల్ పెట్టె నిండిపోయినా, కాగితం ఇంకో ఇద్దరి దగ్గర ఉంటుంది. ప్రయాణంలో చేతిలో ఉంచుకోవడానికి ఒక ప్రింటు తీసుకోండి. సరిహద్దు దగ్గర అధికారి ‘సమావేశం గురువారంతో అయిపోయింది కదా, ఇంకా ఎందుకు ఉంటున్నారు?’ అని అడిగితే, బుధవారం టికెట్టుతో పాటు అది చూపించవచ్చు.

వరస తప్పకూడదు: సెలవు దరఖాస్తు, కొటేషన్లు, మెయిల్, ఆమోదం, ఆ తరువాతే టికెట్టు. టికెట్టు ముందు తీసేసి ఆమోదం తరువాత అడిగితే అది అనుమతి కోరినట్టు ఉండదు, జరిగినదానికి సంతకం అడిగినట్టు ఉంటుంది. ఆమోదం రావడం ఆలస్యమై ధర పెరిగిపోతే, రెండు కొటేషన్లనూ మళ్ళీ కొత్తగా తీయించండి. ఒక్కటే కొత్తది తీస్తే పోలిక చెడుతుంది. కొత్త తేడా పాతదానికంటే ఎక్కువైతే, ఆ అంకెను అదే మెయిల్ కింద తెలిపితే చాలు, ఎందుకంటే తేడా ఎంతైనా భరించేది మీరేనని ముందే రాసి ఉంది.

ఇంత జాగ్రత్తపడ్డా మారే సంగతులు రెండుంటాయి. మొదటిది, సమావేశమే వాయిదా పడటం. అలా అయితే మీ సెలవు దినాల హోటలు, రైలు టికెట్ల డబ్బు ఆఫీసు ఇవ్వదు, ఇవ్వమని అడగడం కూడా భావ్యం కాదు. కాబట్టి ఆ బుకింగులన్నీ రద్దు చేసుకోగలిగేవే తీసుకోండి. రెండోది, బుధవారం విమానం రద్దయి గురువారం రావలసి రావడం. డ్యూటీ ప్రయాణంలో ఇలా జరిగితే ఆ అదనపు రోజు, ఆ రాత్రి హోటలు ఆఫీసువే. కానీ మీరు శుక్రవారమే వచ్చి ఉంటే ఈ విమానంతో మీకు పనే ఉండేది కాదు కాబట్టి, ఆ గురువారాన్ని సెలవుగా రాయమనే అవకాశం ఎక్కువ. దీన్ని కూడా మెయిల్లో చేర్చమని నేను చెప్పను, అతి జాగ్రత్త చదివేవారికి విసుగు. చేతిలో ఇంకొక రోజు సెలవు మిగిల్చుకుని వెళ్ళండి. విమానం రద్దయిన వెంటనే, ఆ విమానాశ్రయం నుంచే, మేనేజరుగారికి అదే మెయిల్ కింద ఒక వాక్యం రాయండి.

ఇంకొక పక్కమాట. సెలవు రోజుల్లో, ఉదాహరణకు సోమవారం నాడు, ‘అక్కడే ఉన్నావు కదా, ఆ క్లయింటును ఒకసారి కలిసి రా’ అని మేనేజరుగారు అనవచ్చు. మంచి మనసుతోనే అంటారు. కానీ ఆ ఒక్క పూటతో గీత చెరిగిపోతుంది: ఆ రోజు సెలవా డ్యూటీనా, ఆ టాక్సీ ఎవరిది, ఆ రోజు ఏమైనా జరిగితే ఏ బీమా వర్తిస్తుంది? వెళ్ళవద్దని అనను. వెళ్ళే ముందు ‘సోమవారాన్ని డ్యూటీగా మార్చి, సెలవును 2 రోజులకు తగ్గించగలరు’ అని మెయిల్ పెట్టి, జవాబు చూసుకుని వెళ్ళండి.

తిరిగి వచ్చాక క్లెయిమ్‌తో పాటు ఆ ఆమోదం మెయిల్, రెండు కొటేషన్లు, బోర్డింగ్ పాసులు, గురువారం రాత్రితో ముగిసిన హోటలు బిల్లు జతచేయండి. గురువారం రాత్రి భోజనం దాకా ఉన్న రసీదులే పెట్టండి. శుక్రవారం ఉదయం తాగిన కాఫీ రసీదు పొరపాటున కలిసినా మొత్తం ఫైలును అనుమానంగా చూస్తారు. ఆ నెల జీతం వచ్చాక సెలవు ఖాతా తెరిచి, సరిగ్గా మీరు రాసిన తేదీలకే, రాసిన అన్ని రోజులే తగ్గాయో లేదో చూసుకోండి. వ్యవస్థ తనంతట తానే శని, ఆదివారాలను కలిపేసుకుని 5 అని చూపితే, మెయిల్లో 3 అని ఉన్న వాక్యాన్ని ఎత్తి చూపి, ఆ నెలలోనే సరిచేయించండి.